సబ్సిడీ చేతికి రాదు చెల్లెమ్మా, ముందు ఆ 30 వేలు ఆపు

ప్రశ్న: అన్నా, మాది బుచ్చిరెడ్డిపాళేనికి దగ్గర్లో ఒక పల్లె. నాకు 31 ఏళ్ళు, ఎడం కాలు పోలియో, సదరంలో 58 శాతం రాశారు. ఏడేళ్ళుగా బుచ్చిలో ఒక టైలరింగ్ షాపులో కుడతా ఉన్నా, నెలకి 7 వేలు ఇస్తారు, పింఛను 6 వేలు వస్తంది. ఒకాయన వచ్చి పేపర్ ప్లేట్ల మిషన్ పెట్టిస్తా, 10 లక్షలు లోను, వికలాంగులకి మూడున్నర లక్షలు సబ్సిడీ చేతికొస్తది, చేసిన ప్లేట్లన్నీ కంపెనీ వాళ్ళే కొనుక్కుంటారు, ముందు ఫైలు ఖర్చులకి 30 వేలు కట్టు అంటన్నాడు. అమ్మ గాజులు కుదవ పెడదామంటంది. కట్టమంటారా? ట్రైనింగ్ యాడిస్తారు? లోనొస్తే పింఛను తీసేస్తారా?

సమాధానం:

కట్టొద్దమ్మా. గాజులు అమ్మ చేతికే ఉండనీ. నీ ఉత్తరం చదవంగానే ముందు ఇది చెప్పాలనిపించింది, మిగతాది నిదానంగా మాట్లాడుకుందాం.

ఆయన చెప్పే స్కీము అబద్ధం కాదు, దాని పేరు పీఎంఈజీపీ, ప్రధానమంత్రి ఉపాధి కల్పన కార్యక్రమం, 2008 నుంచి నడస్తా ఉంది. వికలాంగులు అందులో స్పెషల్ కేటగిరీ కిందకి వస్తారు, పల్లెలో యూనిట్ పెడితే 35 శాతం, టౌన్లో పెడితే 25 శాతం సబ్సిడీ, నీ చేతి నుంచి 5 శాతం పెట్టుకుంటే చాలు, ఇదంతా నిజమే. కానీ ఇంత నిజం చెప్పి దాని మధ్యలో ఒక చిన్న అబద్ధం దూర్చాడు చూడు, సబ్సిడీ చేతికొస్తది అని, యాపారమంతా ఆ ఒక్క మాట మీదే నడస్తంది.

సబ్సిడీ నీ చేతికి రాదు. నీ పేరుతో బ్యాంకులోనే మూడేళ్ళు డిపాజిట్‌గా పడుంటది. ఆ డిపాజిట్ మీద నీకు వడ్డీ ఇవ్వరు, దానికి సరిపడా లోను మీద నీ దగ్గర వడ్డీ తీసుకోకూడదు, అదీ లెక్క. మూడేళ్ళయ్యాక ఒక మనిషొచ్చి యూనిట్ నడస్తందా లేదా అని కళ్ళారా చూసి రాసుకుంటే అప్పుడు ఆ డబ్బు లోనులో కలిపేస్తారు. వచ్చేసరికి మిషన్ మీద దుప్పటి కప్పి ఉందనుకో, లేదా మిషనే లేదనుకో, సబ్సిడీ వెనక్కి పోతది, మొత్తం అప్పు నీ నెత్తిన మిగుల్తది.

నాకిది పుస్తకంలో చదివి తెలిసింది కాదు. నాదీ కుడి కాలు పోలియోనే. 2012లో జిరాక్స్ షాపు పెట్టినప్పుడు సబ్సిడీ వస్తది కదా, అది రాంగానే ఇచ్చేద్దాం అని నూటికి మూడు రూపాయల వడ్డీకి బయట 60 వేలు తెచ్చి షాపుకి టైల్స్ వేయించా, గ్లాస్ డోర్ పెట్టించా. మూడు నెలలకి మేనేజర్ దగ్గరికి పోయి సార్ నా సబ్సిడీ ఎప్పుడిస్తారు అనడిగితే ఆయన నవ్విన నవ్వు ఇప్పటికీ గుర్తుంది. ఆ టైల్స్ అప్పు తీర్చడానికి నాలుగేళ్ళు పట్టింది, దుకాణం లోను కంటే ముందు అదే నన్ను తినేసింది.

సరే, ఇప్పుడు ఆ 10 లక్షల ప్లేట్ల లెక్క వేద్దాం. నీ వాటా 5 శాతం అంటే 50 వేలు, అది ఆయన నీకు చెప్పే ఉండడు. మూడున్నర లక్షలు డిపాజిట్‌లో పోతే నిజంగా నువ్వు తీర్చాల్సింది 6 లక్షలు. వడ్డీ 11 శాతం అనుకుని ఐదేళ్ళు పెట్టుకుంటే నెలకి దగ్గర దగ్గర 13 వేలు కిస్తీ. నీ జీతం, పింఛను రెండూ కలిపితే వచ్చేది కూడా ఆ 13 వేలే కదమ్మా. ఇక ప్లేట్లు కంపెనీయే కొంటది అంటన్నాడు, ఆ పేపర్ రోల్స్ ఎవరు అమ్ముతారో అడిగావా? సాధారణంగా వాళ్ళే అమ్ముతారు, వాళ్ళు చెప్పిన రేటుకి. కొనే రేటూ వాళ్ళదే, అమ్మే రేటూ వాళ్ళదే అయితే మధ్యలో నువ్వు కరెంటు బిల్లు కట్టే కూలి మనిషివి. మొదటి రెండు మూడు లోడ్లు కొంటారు, తర్వాత క్వాలిటీ లేదంటారు, తర్వాత ఫోన్ ఎత్తరు.

అంతా మోసమే అనడం లేదు, నువ్వే తేల్చుకోవచ్చు. ఏడాది కిందట వాళ్ళ దగ్గర మిషన్ కొన్న మనిషి ఒకర్ని చూపించమను, వాళ్ళు ఏర్పాటు చేసిన మనిషి ఫోన్‌లో చెప్పే మాటలు కాదు, ఊరు పేరు కనుక్కొని నువ్వే పోయి ఆ మిషన్ ఉన్న షెడ్డు కరెంటు బిల్లు చూడు. మిషన్ తిరిగి ఉంటే మీటర్ తిరిగి ఉంటది. నోటికంటే మీటర్ నమ్మాలి. ఇంకోటి, ఆ మిషన్ దగ్గర రోల్ ఎత్తి వెయ్యాలి, గంటలు గంటలు నిలబడాలి, నీ కాలికి అది కుదురుద్దా అని ఆయన ఒక్కసారైనా అడిగాడా?

అప్లికేషన్‌కి ఎక్కడా ఫీజు లేదు. kviconline.gov.in లో మనమే పెట్టుకోవచ్చు, ఆధార్‌కి ఫోన్ నెంబర్ లింకై ఉండాలి. ఈ బ్రోకర్లు 30 వేలతో ఆగరు కూడా, వాళ్ళ అసలు ఆదాయం కొటేషన్‌లో ఉంటది, 6 లక్షల మిషన్‌కి 10 లక్షల కొటేషన్ ఇస్తారు, బ్యాంకు డబ్బు నీ చేతికివ్వదు, నేరుగా మిషన్ అమ్మే వాడి ఖాతాలోకి పోతది, మిగిలింది వాళ్ళూ వాళ్ళూ పంచుకుంటారు, నీకో యాభై వేలు ఇచ్చి ఇదే సబ్సిడీ అంటారు. సంతకం మాత్రం 10 లక్షలకి నీది.

ఇప్పుడు నా మాట. ఏడేళ్ళు కుట్టిన చెయ్యి ఉంది నీకు, దాన్ని వదిలి ప్లేట్లు ఏందమ్మా? అదే స్కీములో టైలరింగ్ యూనిట్ పెట్టు, చిన్నగా, 3 లక్షల్లో. నా అంచనా ఇట్టా ఉంది, రేట్లు నువ్వు నెల్లూరులో రెండు షాపుల్లో జీఎస్టీ కొటేషన్ తీసుకుంటే సరిగ్గా తేల్తాయి: పవర్ మిషన్లు రెండు 60 వేలు, ఓవర్‌లాక్ 30 వేలు, ఫాల్స్, పీకో మిషన్ 25 వేలు, కటింగ్ టేబులు, స్టీమ్ ఐరన్, ర్యాకులు 45 వేలు, ఇన్వర్టర్ బ్యాటరీ 30 వేలు. మొత్తం లక్షా 90 వేలు. మిగతా లక్షా 10 వేలు లైనింగ్ గుడ్డ, దారాలు, నైటీల గుడ్డ, తోడుగా పెట్టుకునే అమ్మాయి కూలి, అంటే వర్కింగ్ క్యాపిటల్. గుడ్డ షాపు పెడతా, చీరలు తెచ్చి అమ్ముతా అని మాత్రం ప్రాజెక్టులో రాయొద్దు, వట్టి కొని అమ్మే యాపారం ఈ స్కీములో కష్టం, కుట్టడం, కుట్టి అమ్మడం అని రాయి.

3 లక్షల్లో నీ వాటా 15 వేలు. బ్యాంకు ఇచ్చేది 2 లక్షల 85 వేలు. మొత్తం 3 లక్షల మీద 35 శాతం అంటే లక్షా 5 వేలు సబ్సిడీ డిపాజిట్. నువ్వు నిజంగా మోసేది లక్షా 80 వేలు, పైన చెప్పిన వడ్డీకే ఐదేళ్ళకి నెలకి 3,900 చిల్లర. ఇక్కడొక చోట జాగ్రత్త. కొన్ని బ్రాంచీల్లో కంప్యూటర్‌లో మొత్తం 2 లక్షల 85 వేలకీ కిస్తీ పెట్టేస్తారు, అప్పుడు నెలకి 6,200 దాకా కట్ అవుతా ఉంటది. కాబట్టి సంతకం పెట్టే ముందు కిస్తీ ఎంత మీద లెక్కేశారు, సబ్సిడీ మేరకు వడ్డీ ఆపారా అని అడుగు, మొదటి ఆరు నెలల స్టేట్‌మెంట్ తీసుకొని వడ్డీ ఎంత పడిందో చూసుకో, తేడా ఉంటే అప్పుడే కాగితం రాసివ్వు. మూడేళ్ళ తర్వాత అడిగితే పాత మేనేజరు ఉండడు, కొత్తాయనకి తెలీదు. షాపు నిలదొక్కుకోడానికి కిస్తీ మొదలయ్యే ముందు కొన్ని నెలలు టైము కూడా అడగొచ్చు, అప్పుడే అడగాలి.

ఆదాయం గురించి నిన్ను మురిపించను. మీ వైపు లైనింగ్ జాకెట్ 250 అనుకో, రోజుకి నాలుగు చొప్పున 25 రోజులు కుడితే 25 వేలు, అందులో తోడు అమ్మాయికి 7 వేలు, కరెంటు, దారాలు, గుండీలు పోను, కిస్తీ పోను 10 వేల పైన మిగలొచ్చు. కానీ మొదటి ఆర్నెల్లు రోజుకి రెండే వస్తాయనుకొని లెక్కెయ్యి, అప్పుడు పన్నెండున్నర వేలే, తోడు అమ్మాయి అప్పుడే వద్దు, రెండో మిషన్ కూడా తర్వాత కొనుక్కోవచ్చేమో ఆలోచించు. 2 లక్షల్లో మొదలుపెట్టినా నాకు సంతోషమే. శ్రావణ మాసం, పెళ్ళిళ్ళ సీజన్ కలిసొస్తది, ఆషాఢం, పుష్యం ఖాళీ, ఆ నెలల కిస్తీ కోసం పక్కన పెట్టుకోవాలి, ఇది నాకంటే నీకే బాగా తెలుసు.

షాపు యాడ పెట్టాలి? చాలా మంది ఇక్కడే తప్పు చేస్తారు. బుచ్చి ఇప్పుడు పంచాయతీ కాదు, నగర పంచాయతీ, అంటే ఈ స్కీముకి టౌను కింద లెక్క. నువ్వు పల్లెలో ఉంటా బుచ్చిలో గది అద్దెకు తీసుకుంటే 25 శాతమే, 3 లక్షల మీద 30 వేలు తేడా. నువ్వు ఉండే ఊరు చూడరు, యూనిట్ ఉండే ఊరు చూస్తారు. అప్లికేషన్‌తో పాటు రూరల్ ఏరియా సర్టిఫికెట్ పెట్టాలి, మీ పంచాయతీలో అడుగు. అద్దె మిగులుద్ది, రోజూ ఆటో ఎక్కి దిగే బాధ తప్పుద్ది, అందుకని ఇంటి వరండాలోనే పెట్టుకో అంటా నేను. బుచ్చి నుంచి బట్టలు తెచ్చిచ్చే ఏర్పాటు మీ తమ్ముడో ఎవరో చూసుకోవచ్చు.

ఒక్కటి గుర్తు పెట్టుకో, లోను శాంక్షన్ కాకముందే బోర్డు కట్టి షాపు ఓపెన్ చెయ్యొద్దు. కొత్త యూనిట్‌కే ఈ సబ్సిడీ, ముందే నడిచే దానికి లేదు. ఇంకొకరి షాపులో జీతానికి కుట్టడం వేరు, దానికి ఇబ్బంది లేదు, పైగా ఏడేళ్ళ అనుభవం ఉందని మీ ఓనరమ్మ చేత ఒక కాగితం రాయించుకుంటే బ్యాంకులో బాగా పనికొస్తది. రాసిస్తుందో లేదో, కస్టమర్లు పోతారని భయపడొచ్చు, మంచిగా అడుగు.

ట్రైనింగ్ సంగతి. నీకు కుట్టడం నేర్పక్కర్లేదు, లెక్కలు, బ్యాంకు, ధర ఎట్టా కట్టాలి అనేవి నేర్చుకోవాలి. 2 లక్షలు దాటిన ప్రాజెక్టుకి ఈడీపీ అని ఒక ట్రైనింగ్ చెయ్యాలి, 5 లక్షల లోపైతే ఐదు రోజులు, ఆన్‌లైన్‌లో కూడా చెయ్యొచ్చు. కానీ నన్నడిగితే ఆర్‌సెటీకి పో. గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థ అని బ్యాంకులు నడుపుతాయి, ఫీజు లేదు, అన్నం, వసతి కూడా వాళ్ళదే, టైలరింగ్ కోర్సు నెల రోజులు ఉంటది. కోర్సు అయ్యాక రెండేళ్ళ దాకా ఫోన్ చేసి షాపు పెట్టావా, లోను ఏమైంది అని కనుక్కుంటా ఉంటారు, బ్యాంకుకి ఫైలు పంపడంలో వాళ్ళ మాట సాయం కూడా ఉంటది, అదే అసలు లాభం. చేరే ముందు ఫోన్ చేసి మూడు అడుగు, పడక కింది అంతస్తులో ఇస్తారా, కమోడ్ బాత్రూం ఉందా, లేకపోతే రోజూ వచ్చి పోవచ్చా అని. నేను వెళ్ళినప్పుడు ఇవి అడక్కుండా పోయి రెండో అంతస్తు మెట్లు రోజుకి నాలుగు సార్లు ఎక్కి దిగా. నెల్లూరులో వికలాంగుల కోసమే కేంద్ర ప్రభుత్వం పెట్టిన సీఆర్‌సీ ఉంది, కాంపోజిట్ రీజనల్ సెంటర్, కాలిపర్, ఊతకర్ర లాంటివి సరిచూపించుకోవాలన్నా, ఏ పని నీ ఒంటికి సరిపడుద్దో అడగాలన్నా ఒకసారి పోయి రా.

బ్యాంకులో ఏమవుద్దో చెప్తా. ఫైలు జిల్లా పరిశ్రమల కేంద్రం నుంచో ఖాదీ బోర్డు నుంచో బ్రాంచికి పోతది. మేనేజర్ మొదట చూసేది నీ సిబిల్, అంటే అప్పులు ఎట్టా కట్టావనే రికార్డు. నువ్వు ఏ లోనూ తీసుకోకపోయినా డ్వాక్రా గ్రూపులో ఉంటే, గ్రూపు కిస్తీలు ఆగి ఉంటే అది నీ పేరు మీద కూడా కనిపించొచ్చు. ఫోన్ ఈఎంఐ, వారం వారం కట్టే ఫైనాన్స్ కూడా అంతే. ముందే రిపోర్ట్ తీసి చూసుకో, ఏడాదికోసారి ఉచితం. రెండోది, పింఛను ఒకటో తేదీ ఇంటికొచ్చి చేతికిస్తారు కాబట్టి నీ పాస్‌బుక్‌లో ఏమీ కనపడదు, జీతం కూడా చేతికే కదా. ఈ నెల నుంచే అందులో ఒక రెండు మూడు వేలు ఖాతాలో వేస్తా ఉండు. ఆర్నెల్ల పాస్‌బుక్ చూపిస్తే కిస్తీ కట్టగలదు అని వాళ్ళకి నమ్మకం వస్తది, నీ వాటా 15 వేలు కూడా అందులోనే పోగవుద్ది.

మూడోది హామీ. పొలం కాగితాలు పెట్టు, బంగారం పెట్టు, గవర్నమెంట్ ఉద్యోగి సంతకం తే అంటారు. ఇలాంటి చిన్న యూనిట్లకి ఇంత లోనుకి ఆస్తి తనఖా అడగకూడదని రిజర్వు బ్యాంకు రూలు, దానికి సీజీటీఎంఎస్‌ఈ అని గ్యారంటీ ఫండ్ ఉంది. గొడవపడొద్దు, సార్ ఇది ఆ గ్యారంటీలో పెట్టండి అని ఆ పేరు చెప్పు, పేరు తెలిసిన మనిషితో మాట్లాడే తీరు వేరుగా ఉంటది. కుదరదు అంటే కారణం పోర్టల్లో రాయమను. ఆ కారణం ప్రింటు తీసుకొని జిల్లాలో బ్యాంకుల సంగతి చూసే లీడ్ బ్యాంక్ మేనేజర్ దగ్గరికి, లేదా సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకుంటారు కదా అక్కడికి పో. నోటి మాటగా వద్దన్నారని చెప్తే ఎవరూ ఏమీ చెయ్యలేరు.

ఇది కాక వికలాంగుల కోసమే ఇంకో లోను ఉంది, ఢిల్లీలో ఉండే జాతీయ దివ్యాంగుల ఆర్థిక సంస్థది, 1997లో పెట్టారు, 40 శాతం పైన ఉన్నవాళ్ళకి. వడ్డీ తక్కువ, 50 వేల దాకా 5 శాతం, 5 లక్షల దాకా 6 శాతం, పదేళ్ళ దాకా టైమిస్తారు. కానీ నేరుగా ఇవ్వరు, రాష్ట్రంలో వికలాంగుల కార్పొరేషన్ ద్వారానో కొన్ని బ్యాంకుల ద్వారానో రావాలి, 35 శాతం సబ్సిడీ లాంటిది లేదు. 3 లక్షలకి 6 శాతంతో ఐదేళ్ళకి లెక్కేస్తే నెలకి 5,800, వడ్డీ తక్కువైనా నీ విషయంలో పీఎంఈజీపీనే చవక. అయితే గుడ్డ షాపు లాంటి కొని అమ్మే యాపారానికి, ముందే నడిచే షాపు పెంచుకోడానికి ఈ రెండోదే అడగాలి. నెల్లూరులో విభిన్న ప్రతిభావంతుల శాఖ ఏడీ ఆఫీసులో ఒకసారి కనుక్కో. రెండు సబ్సిడీలు ఒకే యూనిట్‌కి కలిపి తీసుకుందాం అనుకోవద్దు, ఇంకో ప్రభుత్వ సబ్సిడీ తీసుకున్నవాళ్ళకి పీఎంఈజీపీ రాదు, ఇంట్లో భార్యాభర్తల్లో ఒకరికే ఇస్తారు.

పింఛను. లోను తీసుకుంటే పింఛను తీసెయ్యరు, లోను అప్పు గానీ ఆదాయం కాదు. పింఛను అర్హతలో చూసేవి వేరు, అందులో ఇంటి కరెంటు సగటున నెలకి 300 యూనిట్లు దాటిందా అనేది ఒకటి, కారు ఉందా, ఆదాయ పన్ను కడతన్నారా ఇట్టాంటివి. నీ రెండు మిషన్లకి పెద్దగా కాలదు, కరెంటు ఎక్కువ తినేది ఐరన్ పెట్టే, అయినా షాపుకి వేరే కమర్షియల్ మీటర్ పెట్టించుకో, ఇంటి మీటర్ మీద షాపు నడిపితే కరెంటోళ్ళు జరిమానా వేసే వంక కూడా దొరుకుద్ది. అంతకంటే ముఖ్యమైంది నీ సదరం సర్టిఫికెట్, అది పర్మనెంటా టెంపరరీనా చూసుకో, 2025లో చాలా మందికి మళ్ళీ పరీక్షలు చేశారు కదా, గడువున్న సర్టిఫికెట్ అయితే లోను మధ్యలో ఇబ్బంది. వికలాంగులకిచ్చే యూడీఐడీ కార్డు లేకపోతే swavlambancard.gov.in లో ఇప్పుడే పెట్టు.

మిషన్ కొనేటప్పుడు ఒక్కటి. కాలితో తొక్కేది వద్దు, నీకు తెలుసు. పవర్ మిషన్లో క్లచ్ మోటరు కాకుండా సర్వో మోటరు అడుగు, క్లచ్ మోటరు నువ్వు కుట్టకపోయినా తిరుగుతానే ఉంటది, కరెంటు ఎక్కువ, పెడల్ గట్టిగా నొక్కాలి. సర్వోది మెత్తగా ఉంటది, స్పీడు తగ్గించుకోవచ్చు. పెడల్‌ని నీ కుడి కాలికి అందేలా జరిపించమను, బల్ల ఎత్తు నువ్వు కూర్చునే కుర్చీకి సరిపెట్టమను, బిగించే మనిషి వెళ్ళకముందే ఒక జాకెట్ మొత్తం కుట్టి చూడు, రెండు కుట్లు కాదు, మొత్తం జాకెట్. నడుము ఎక్కడ లాగుతుందో అప్పుడే తెలుస్తది.